ఫ్రెషర్ సెల్ఫ్ అప్రైజల్: నాలుగు పద్ధతుల్లో ఎవరికి ఏది నప్పుతుంది?

మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో చాలా ఐటీ కంపెనీల్లో సెల్ఫ్ అప్రైజల్ ఫారాలు తెరుచుకుంటాయి. కిందటి జూలైలో చేరిన ఫ్రెషర్‌కి ఆ ఫారం చూడగానే టెన్షన్ మొదలవుతుంది. మూడు నెలలు ట్రైనింగ్, మూడు నెలలు సీనియర్ పక్కన కూర్చుని చూడటం, సొంతంగా చేసిందల్లా చివరి మూడు నెలల పనే. ఇందులో రాయడానికి ఏముందని అనిపిస్తుంది. పక్క సీటువాళ్లని అడిగితే తలా ఒక మాట చెప్తారు. చేసిన పనులన్నీ వరసగా రాసెయ్యమని ఒకరు, గోల్స్ ప్రకారం రాయమని ఇంకొకరు, ఒక మంచి సంఘటన పట్టుకుని వివరంగా చెప్పమని మరొకరు, నేర్చుకున్నదే రాయమని ఇంకొకరు.

నేను ఒక టీమ్‌కి లీడ్‌ని. ఫ్రెషర్లు రాసిన ఫారాలు చదివి మేనేజర్‌కి అభిప్రాయం చెప్పడం నా పనిలో భాగం. పై నాలుగు సలహాల్లో ఏదీ తప్పు కాదు. కానీ అందరికీ ఒకటే పద్ధతి నప్పదు. ఏది ఎవరికి పనికొస్తుందో ఒకే ఉదాహరణ మీద పెట్టి చూద్దాం.

## ముందు, ఆ ఫారం ఎవరు చదువుతారు?

మొదట మీ మేనేజర్ చదువుతారు. ఆయన కింద చాలామంది ఉంటారు, ఒక్కో ఫారానికి ఆయన ఇవ్వగలిగే సమయం తక్కువ. తర్వాత రేటింగుల్ని సరిచూసే మీటింగ్ ఉంటుంది. చాలా కంపెనీల్లో దాన్ని నార్మలైజేషన్ అంటారు. అక్కడ కూర్చునే మిగతా మేనేజర్లకి మీ ముఖం కూడా తెలియదు. "ఈ అమ్మాయికి ఈ రేటింగ్ ఎందుకు?" అని అడిగితే మీ మేనేజర్ రెండు వాక్యాల్లో జవాబు చెప్పాలి. ఆ రెండు వాక్యాలు మీ ఫారంలోనే దొరికితే ఆయన పని తేలికవుతుంది, మీకూ మేలు.

అందుకే నేను ఏ ఫారాన్నైనా మూడు ప్రశ్నలతో చదువుతాను. రాసినదాన్ని రికార్డులో సరిచూసుకోవచ్చా? మిమ్మల్ని ఎరగనివాళ్లకి కూడా రెండు వాక్యాల్లో చెప్పేలా ఉందా? మీరు చేసింది కొంచెమే అయినా, పెద్ద చేసి చూపకుండా అది నిలబడుతుందా? ఫ్రెషర్‌కి మూడో ప్రశ్నే కీలకం. మీరు ఎంత పని చేశారో టీమ్‌లో అందరికీ తెలుసు, ఎక్కువ చేసి రాస్తే మొదటి చదువులోనే బయటపడుతుంది.

## ఉదాహరణకి ఒక అమ్మాయి

హైదరాబాద్‌లో ఒక సపోర్ట్ ప్రాజెక్టులో పనిచేసే అమ్మాయి అనుకుందాం. క్లయింట్‌కి చాలా దుకాణాలున్నాయి. ప్రతి రాత్రి దుకాణాల అమ్మకాల ఫైల్ రెండు గంటలకల్లా సర్వర్‌కి రావాలి, రెండుంపావుకి ఒక జాబ్ నడిచి దాన్ని డేటాబేస్‌లోకి ఎక్కించాలి. జనవరి నుంచి ఈ అమ్మాయి సొంతంగా షిఫ్ట్ చూస్తోంది.

మూడు నెలల్లో 140 టికెట్లు క్లోజ్ చేసింది. వాటిలో ఎక్కువ భాగం యాక్సెస్ ఇవ్వడం, పాస్‌వర్డ్ రీసెట్ లాంటివే. రెండు టికెట్లు ఎస్‌ఎల్‌ఏ గడువు దాటాయి, మూడు రీఓపెన్ అయ్యాయి. ఇంకొకటి కూడా ఉంది. జనవరిలో ఆ రాత్రి జాబ్ అప్పుడప్పుడూ ఫెయిలవుతుంటే లాగ్ తెరిచి చూసింది. ఫెయిలైన ప్రతిసారీ వచ్చిన ఫైల్ సైజు సున్నా. టీమ్ ఎస్‌ఓపీలో మాత్రం "జాబ్ ఫెయిలైతే మళ్లీ నడపండి, అప్పటికీ ఫెయిలైతే ఎల్‌2కి ఫోన్ చేయండి" అని ఉంది. ఖాళీ ఫైల్ మీద ఎన్నిసార్లు నడిపినా జాబ్ ఫెయిలే అవుతుంది, అనవసరంగా అర్ధరాత్రి ఎల్‌2 సీనియర్‌ని లేపినట్టవుతుంది. అందుకని "మళ్లీ నడిపే ముందు ఫైల్ సైజు చూడండి, సున్నా అయితే పంపే టీమ్‌ని ఫైల్ మళ్లీ పంపమనండి, అది వచ్చాకే నడపండి" అని ఒక అంచె రాసి సీనియర్‌కి చూపించింది. ఫిబ్రవరి మొదట్లో అది ఎస్‌ఓపీలోకి ఎక్కింది. ఆ తర్వాత మార్చి చివరిదాకా జాబ్ ఐదుసార్లు ఫెయిలైతే, నాలుగుసార్లు ఎల్‌2ని లేపకుండానే సరిచేశారు. ఐదోసారి కారణం వేరు, డిస్క్ నిండిపోయింది.

ఆమె చేతిలో ఉన్న సరుకు ఇంతే. నిజానికి ఒక ఫ్రెషర్‌కి ఇది తక్కువేమీ కాదు. దీన్ని నాలుగు రకాలుగా రాసి చూద్దాం. ఫారం ఎలాగూ ఇంగ్లీషులోనే నింపుతారు, ఇక్కడ సంగతి కోసం తెలుగులో ఇస్తున్నాను.

### 1. పనుల జాబితా

"జనవరి నుంచి మార్చి వరకు 140 టికెట్లు క్లోజ్ చేశాను. రాత్రి జాబ్‌లను మానిటర్ చేశాను. హ్యాండోవర్ మెయిల్స్ పంపాను. ఎస్‌ఓపీ అప్‌డేట్ చేశాను. క్లయింట్ కాల్స్‌లో పాల్గొన్నాను."

రాయడానికి ఇదే అన్నిటికంటే సులువు, అందుకే అందరూ ముందు ఇటే వెళ్తారు. ఇందులో అబద్ధం లేదు. ఇబ్బందల్లా రెండు చోట్ల. ఒకటి, 140 అనే అంకె పోలికకి దారి తీస్తుంది. పక్క సీటు సీనియర్ అదే మూడు నెలల్లో అంతకంటే ఎక్కువ, అదీ కష్టమైనవి క్లోజ్ చేసి ఉంటారు. పది నిమిషాల్లో అయిపోయే యాక్సెస్ టికెట్లతో వచ్చిన అంకె అని మేనేజర్‌కి తెలుసు. రెండోది ఇంకా బాధపెడుతుంది. ఎస్‌ఓపీ సంగతి, ఆ ఏడాది ఆమె చేసిన అసలైన పని, నాలుగో వాక్యంగా కాల్స్‌లో పాల్గొనడం పక్కన పడిపోయింది. చదివేవాళ్లకి ఏదో అక్షరదోషం దిద్దిందేమో అనిపిస్తుంది.

జాబితా పనికొచ్చే చోటు ఒకటుంది. ఏడాదిలో రెండు మూడు ప్రాజెక్టులు మారినవాళ్లు ఏ నెలలో ఎక్కడున్నారో మొదట నాలుగు వరుసల్లో చెప్పాలి. ఇప్పటి మేనేజర్‌కి పాత ప్రాజెక్టు సంగతి తెలియదు కాబట్టి అక్కడ అది అవసరమే.

### 2. గోల్స్ వారీగా

ఈ అమ్మాయికి చేరిన కొత్తలో మూడు గోల్స్ పెట్టారు: టికెట్లు సమయంలోపు పరిష్కరించడం, ప్రాసెస్ పాటించడం, ప్రాజెక్టు పని నేర్చుకోవడం. వాటి కిందే రాస్తే ఇలా ఉంటుంది.

"గోల్ 1: క్లోజ్ చేసిన 140 టికెట్లలో 138 ఎస్‌ఎల్‌ఏలోపే అయ్యాయి, మూడు రీఓపెన్ అయ్యాయి. గోల్ 2: షిఫ్ట్‌కి వచ్చిన ప్రతి రోజూ హ్యాండోవర్ మెయిల్ పంపాను, రాత్రి జాబ్ ఎస్‌ఓపీలో ఒక అంచె చేర్చాను. గోల్ 3: డిసెంబర్‌కల్లా కేటీ పూర్తిచేసి జనవరి నుంచి సొంతంగా షిఫ్ట్ చూస్తున్నాను."

అదే 140 ఇక్కడ వేరే అర్థం ఇస్తోంది. 138 సమయానికి అయ్యాయి అనగానే అది ఎంత చేశారన్న లెక్క నుంచి ఎంత నమ్మకంగా చేశారన్న లెక్కకి మారింది. నమ్మకంగా పని చేయడం అనే గుణాన్ని మాటల్లో చెప్తే ఎవరూ పట్టించుకోరు. "నేను చాలా బాధ్యతగా ఉంటాను" అని ప్రతి ఫారంలోనూ ఉంటుంది. ఎస్‌ఎల్‌ఏ, రీఓపెన్‌లు, మానకుండా పంపిన హ్యాండోవర్ మెయిల్స్, రోస్టర్‌లో పడిన షిఫ్టులు వదలకుండా రావడం, ఇవి టూల్‌లోనూ మెయిల్‌లోనూ ఉండే రికార్డులు. వాటితో చెప్తే విశేషణాల అవసరం ఉండదు.

ఈ పద్ధతిలో లోటు ఏమిటంటే, మనిషి కనిపించరు. పైగా ఫ్రెషర్లకి చాలాసార్లు టీమ్ అంతటికీ పెట్టిన గోల్సే కాపీ చేసి పెడతారు. "క్లయింట్‌తో సంబంధాలు పెంచడం" లాంటి గోల్ కింద ఆరు నెలల ఫ్రెషర్ ఏం రాయాలి? అలాంటిచోట ఏదో ఒకటి అల్లకండి. "ఈ ఏడాది నా పనిలో క్లయింట్‌తో నేరుగా మాట్లాడే అవకాశం లేదు. యూజర్లకి టికెట్‌లో రాసిన జవాబులు మాత్రమే ఉన్నాయి" అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. మేనేజర్ ఆ గోల్‌ని పక్కన పెట్టడానికి అదే ఆధారమవుతుంది.

### 3. ఒక్క సంఘటన, వివరంగా

"రాత్రి లోడ్ జాబ్ ఫెయిలైనప్పుడల్లా ఎస్‌ఓపీ ప్రకారం మళ్లీ నడిపి, కాకపోతే ఎల్‌2ని పిలిచేవాళ్లం. జనవరి లాగ్‌లు చూస్తే ప్రతిసారీ ఫైల్ ఖాళీగా వచ్చిందని తేలింది. మళ్లీ నడిపే ముందు ఫైల్ సైజు చూసే అంచె రాశాను, ఎల్‌2 సీనియర్ సరిచూశాక ఫిబ్రవరిలో ఎస్‌ఓపీలో చేర్చాను. ఆ తర్వాత వచ్చిన ఐదు ఫెయిల్యూర్లలో నాలుగు ఎల్‌2ని పిలవకుండా సరిచేశాం. ఐదోది డిస్క్ నిండటం వల్ల వచ్చింది, ఈ అంచె దానికి పనిచేయదు."

నార్మలైజేషన్ మీటింగ్‌లో మేనేజర్‌కి కావలసిన రెండు వాక్యాలు ఇందులో ఉన్నాయి. సరిచూసుకోవడం కూడా సులువు: ఎస్‌ఓపీ వెర్షన్ హిస్టరీలో ఆమె పేరుంటుంది, టికెట్లలో తేదీలుంటాయి. ఆ చివరి వాక్యం చూడండి. పనిచేయని ఐదోదాన్ని కూడా రాయడం వల్ల మిగతా నాలుగింటి మీద నమ్మకం కలుగుతుంది.

ఈ పద్ధతిలో జాగ్రత్తగా చూసుకోవాల్సింది క్రియాపదాల్ని. "అంచె నేను రాశాను", "సీనియర్ సరిచూశారు", "తర్వాత అందరం సరిచేశాం", ఈ మూడూ వేరువేరు. ఆ నాలుగు రాత్రుల్లో రెండు వేరేవాళ్ల షిఫ్టులో వచ్చి ఉండొచ్చు. అక్కడ "సరిచేశాను" అని రాస్తే, ఆ షిఫ్ట్ చూసిన మనిషే మీ ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లలో ఉండొచ్చు. అలాగే షాడోలో ఉన్నప్పుడు సీనియర్ చేసిన పనికి "చూశాను, నోట్స్ రాసుకున్నాను" అనే రాయండి. ఫ్రెషర్ ఫారాల్లో నమ్మకం పోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక్క వాక్యం దగ్గర అనుమానం వస్తే నిజంగా చేసిన పనిని కూడా అదే కంటితో చదువుతారు.

ఇంకో చిక్కు, ఒక్క సంఘటనే రాసి వదిలేస్తే "మిగతా రోజుల్లో ఏం చేసినట్టు?" అని అడుగుతారు.

### 4. అప్పుడు, ఇప్పుడు

"అక్టోబర్‌లో జాబ్ ఫెయిలైతే లాగ్ ఎక్కడుంటుందో తెలిసేది కాదు. డిసెంబర్‌లో సీనియర్ చూస్తుండగా సొంతంగా జాబ్ మళ్లీ నడిపాను. ఫిబ్రవరి నుంచి ఫెయిలైన కారణం నేనే చూసి, ఎల్‌2ని పిలవాలా వద్దా తేల్చుకుంటున్నాను."

సొంతంగా చేసిన పని బాగా తక్కువగా ఉన్నవాళ్లకి ఇదే ఆధారం. కోర్సుల పేర్లు, సర్టిఫికెట్లు వరస పెట్టడానికీ దీనికీ చాలా తేడా ఉంది. కోర్సు పూర్తయిందంటే మీరు వీడియోలు చూశారని మాత్రమే తెలుస్తుంది. ఒకప్పుడు అడిగి చేసిన పనిని ఇప్పుడు అడగకుండా చేస్తున్నారంటే టీమ్‌కి మీ మీద పెట్టే సమయం తగ్గిందని తెలుస్తుంది. మేనేజర్‌కి కావలసింది ఆ సంగతే. అందుకని నేర్చుకున్నదాని పక్కన, అది వచ్చాక మీకు అప్పగించిన పనిని తప్పకుండా రాయండి. ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాను అని ఆపకుండా, "ఎస్‌క్యూఎల్ వచ్చాక మార్చి నుంచి డేటా తేడాల టికెట్లు నాకు ఇస్తున్నారు" అనేదాకా వెళ్లాలి.

"అప్పుడు" భాగాన్ని మాత్రం ఒక వాక్యంలోనే ముగించండి. ఏమీ తెలిసేది కాదని అర పేజీ రాస్తే చదివేవాళ్ల మనసులో అదే నిలిచిపోతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పద్ధతి | రికార్డులో సరిచూడటం | తెలియనివాళ్లకి రెండు వాక్యాల్లో చెప్పడం | పని తక్కువున్నా నిలబడటం |
|---|---|---|---|
| పనుల జాబితా | కుదురుతుంది | కష్టం | నిలబడదు, అంకెలు చిన్నగా కనిపిస్తాయి |
| గోల్స్ వారీగా | బాగా కుదురుతుంది | ఫర్వాలేదు | గోల్స్ మీ పనికి సరిపోతే నిలబడుతుంది |
| ఒక్క సంఘటన | బాగా కుదురుతుంది | చాలా సులువు | ఒక్క నిజమైన సంఘటన ఉన్నా చాలు |
| అప్పుడు, ఇప్పుడు | లీడ్‌ని అడిగి తెలుసుకోవాలి | సులువు | బాగా నిలబడుతుంది |

ఈ అమ్మాయి నన్ను అడిగితే, గోల్స్ వారీ పద్ధతిని చట్రంగా తీసుకొమ్మంటాను. గోల్ 1 కింద ఎస్‌ఎల్‌ఏ లెక్క ఒక్క వాక్యం. గోల్ 2 కింద రాత్రి జాబ్ సంఘటన పూర్తిగా. గోల్ 3 కింద అప్పుడు, ఇప్పుడు మూడు వాక్యాలు. కాల్స్‌లో పాల్గొనడం లాంటివి అసలు రాయొద్దంటాను.

## మీ పరిస్థితి వేరైతే

ఏడాదిలో ఎక్కువ భాగం బెంచ్ మీద గడిచినవాళ్లకి నాలుగో పద్ధతే మిగులుతుంది. ప్రాజెక్టు రాకపోవడం గురించి ఫిర్యాదు ఫారంలో పెట్టకండి, క్షమాపణ కూడా వద్దు. "అక్టోబర్ నుంచి ఫిబ్రవరి వరకు ప్రాజెక్టు కేటాయింపు లేదు" అని ఒక్క వాక్యం రాసి, ఆ కాలంలో కట్టిన చిన్న అప్లికేషన్, హాజరైన ప్రాజెక్టు ఇంటర్వ్యూలు, వాటిలో వచ్చిన ఫీడ్‌బ్యాక్ తర్వాత దిద్దుకున్నది రాయండి. కంపెనీలో మరో టీమ్‌కి రెండు వారాలు టెస్టింగ్ సాయం చేసి ఉంటే, ఆ టీమ్ లీడ్ పంపిన మెయిల్ మీకు కోర్సు సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

డెవలప్‌మెంట్‌లో ఉన్నవాళ్లకి కోడ్ రివ్యూ కామెంట్లే మంచి ఆధారం. మొదటి నెలల్లో మీ మార్పుల మీద ఏ రకం కామెంట్లు వచ్చేవి, ఇప్పుడు ఏవి రావడం లేదు అన్నది చూడండి. "నల్ చెక్ లేదు, టెస్ట్ రాయలేదు అనే కామెంట్లు జనవరి తర్వాత రాలేదు" అన్న వాక్యంలో నేర్చుకోవడం, నమ్మకం రెండూ ఉన్నాయి. ఎన్ని లైన్ల కోడ్ రాశారో లెక్క అవసరం లేదు.

టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు నడిపిన టెస్ట్ కేసుల సంఖ్యని నమ్ముకోకండి. మీరు వేసిన బగ్‌లలో డెవలపర్లు ఒప్పుకున్నవి ఎన్ని, వివరాలు చాలక తిరిగొచ్చినవి ఎన్ని అన్నది చూపిస్తే మీ పని నాణ్యత తెలుస్తుంది.

## మెరుగుపరచుకోవాల్సినవి అనే గడి

ఈ గడిలో సాధారణంగా మూడు రకాల జవాబులు కనిపిస్తాయి. "పర్‌ఫెక్షన్ కోసం ఎక్కువ సమయం తీసుకుంటాను" అని పొగడ్తనే లోపంగా రాసేది ఒకటి. "కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి" అని గాలివాటుగా రాసేది రెండోది. మొదటిదాన్ని ఎవరూ నమ్మరు. రెండోది ప్రమాదం, ఎందుకంటే మీరు మామూలుగా రాసిన మాటని మేనేజర్ నిజంగానే మీ లోపంగా నమోదు చేయొచ్చు.

మూడోది, ఒక చిన్న నిజమైన లోపాన్ని దాని కారణంతో సహా రాయడం. మన అమ్మాయి దగ్గర ఆ రెండు టికెట్లున్నాయి. అవి ఎస్‌ఎల్‌ఏ ఎందుకు దాటాయి? యూజర్‌ని వివరాలు అడిగింది, జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ టికెట్‌ని `On Hold`లో పెట్టలేదు. ఆ ప్రాజెక్టులో టికెట్ `On Hold`లో ఉంటేనే ఎస్‌ఎల్‌ఏ గడియారం ఆగుతుంది, లేకపోతే యూజర్ ఆలస్యం కూడా మీ ఖాతాలోనే పడుతుంది. "జనవరిలో రెండు టికెట్లు యూజర్ జవాబు కోసం ఎదురుచూస్తూ హోల్డ్‌లో పెట్టకపోవడం వల్ల ఎస్‌ఎల్‌ఏ దాటాయి. ఆ తర్వాత వివరాలు అడిగిన వెంటనే హోల్డ్‌లో పెడుతున్నాను, ఫిబ్రవరి, మార్చిలో ఏదీ దాటలేదు" అని రాస్తే చాలు. ఆ రెండు టికెట్లు రిపోర్టులో ఎలాగూ కనిపిస్తాయి. మీరే ముందు చెప్తే మేనేజర్ అడగాల్సిన ప్రశ్న అక్కడే తీరిపోతుంది.

## రేటింగ్ ఎంత వేసుకోవాలి?

అయిదు పాయింట్ల స్కేల్‌లో 3 అంటే సాధారణంగా అనుకున్న మేరకు పని చేశారని అర్థం. ఫ్రెషర్లు అన్ని గోల్స్‌కీ 5 వేసుకోవడమో, మొహమాటపడి 2 వేసుకోవడమో చేస్తుంటారు. అన్నిటికీ 5 వేస్తే, చివరికి 3 ఇవ్వబోయే మేనేజర్ ప్రతి గోల్ దగ్గరా ఎందుకు తగ్గించారో రాయాల్సి వస్తుంది, మీతో మాట్లాడే సమయమంతా ఆ వాదనకే పోతుంది. 2 వేస్తే, అడిగినవాళ్లే తక్కువ అడిగారు కాబట్టి పైకి లాగడానికి ఆయన దగ్గర కారణం ఉండదు.

అనుకున్నంత పని చేసిన గోల్స్‌కి 3, ఆధారంతో సంఘటన చూపగలిగిన ఒక్క గోల్‌కి 4, ఇది నా సలహా. మన అమ్మాయికి ఆ 4 పడాల్సింది గోల్ 2 దగ్గర. టికెట్ల గోల్‌కి 138 ఉన్నా 3 దగ్గరే ఆగమంటాను, సమయానికి క్లోజ్ చేయడం అందరి నుంచీ ఆశించేదే కాబట్టి. ఇక్కడ మీ కంపెనీ నియమం కూడా చూసుకోండి. కొన్నిచోట్ల ఏడాదిలో ఒక తేదీ తర్వాత చేరినవాళ్లకి ఆ ఏడాది రేటింగే ఉండదు. అలాంటప్పుడు అంకె గురించి ఆలోచన మాని, రాతకే సమయం ఇవ్వండి. వచ్చే ఏడాది మీకు ఏ పని ఇవ్వాలో తేల్చేటప్పుడు మేనేజర్ తెరిచి చూసేది అదే.

## ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి

జ్ఞాపకం మీద రాయడం మొదలుపెడితే చివరి రెండు వారాల సంగతులే గుర్తొస్తాయి. ఫారం తెరిచే ముందు రికార్డు తెరవండి. టీమ్‌లో Jira వాడుతుంటే ఈ వెతుకుడు మీరు పూర్తిచేసినవన్నీ తేదీల వరసలో చూపిస్తుంది, తేదీ మాత్రం మీ అప్రైజల్ ఏడాది మొదలైన రోజుకి మార్చుకోండి:

```
assignee was currentUser() AND statusCategory = Done AND resolved >= "2025-04-01" ORDER BY resolved ASC
```

`was` అని పెట్టడంలో ఉద్దేశం, మీరు మొదలుపెట్టి తర్వాత వేరేవాళ్లకి మారిన టికెట్లు కూడా రావాలని. వాటిలో మీ భాగం ఎంతో చూసుకుని అంతే రాయండి. కోడ్ రాసేవాళ్లు ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఇది నడపొచ్చు, కొటేషన్లలో మీ ఆఫీసు మెయిల్ ఐడీ పెట్టాలి:

```
git log --author="మీ ఐడీ" --since="2025-04-01" --no-merges --oneline
```

మెచ్చుకోలు మెయిల్స్, టికెట్ స్క్రీన్‌షాట్లు దాచుకోవాలంటే ఆఫీసు మెయిల్‌లోనే ఒక ఫోల్డర్ పెట్టుకోండి. సొంత మెయిల్‌కి పంపుకోకండి, అందులో క్లయింట్ డేటా ఉంటే ఉద్యోగానికే ముప్పు. ఫారంలో కూడా క్లయింట్ పేరు, యూజర్ల పేర్లు లేకుండా టికెట్ నంబర్ ఇస్తే సరిపోతుంది.

రాత మొత్తం నోట్‌ప్యాడ్‌లో పూర్తిచేసి, అప్పుడు ఫారంలో పేస్ట్ చేయండి. మధ్యలో సెషన్ పోతే టైప్ చేసిందంతా పోతుంది. చాలా ఫారాల్లో గడికి అక్షరాల పరిమితి ఉంటుంది, ఎక్కువైతే చివరి భాగం తెగిపోతుంది. అందుకే ఫలితం చెప్పే వాక్యాన్ని మొదట్లోనే పెట్టండి. సబ్మిట్ చేసే ముందు మీ షిఫ్ట్ సీనియర్‌కి ఒకసారి చూపించి, "ఇందులో మీ పని నా పేరు మీద ఏమైనా పడిందా అన్నా?" అని అడగండి. ఆయన దిద్దింది దిద్ది, అప్పుడు బటన్ నొక్కండి.